తాళం వేసిన ఇంట్లో కృతజ్ఞతలు

ఆ రోజు పొద్దున మళ్ళీబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. పందొమ్మిది ఉత్తరాలు మధ్యాహ్నంలోగా పందొమ్మిది ఇళ్ళకు చేరాలి. చేరాక తను ఆఫీసులో కూర్చుని ఒక కప్పు కాఫీ ప్రశాంతంగా తాగాలి. పుట్టి బుద్ధెరిగాక అతను ప్రశాంతంగా కాఫీ తాగింది లేదు. స్టవ్ కట్టేశానా లేదా అన్న అనుమానం మొదటి గుక్క దగ్గరే వచ్చి కూర్చునేది.

మళ్ళీబాబు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఎక్కడికి బయల్దేరినా వీధి చివరిదాకా వెళ్ళి, "ఉండండి, తాళం వేశానో లేదో మళ్ళీ చూసొస్తా" అని వెనక్కి పరిగెత్తే అలవాటు వల్ల చుట్టాలు పెట్టిన పేరు. ఆ అలవాటు వల్ల రెండు రైళ్ళు, ఒక ఉద్యోగం, సొంత పెళ్ళిచూపుల్లో మొదటి అరగంట పోయాయి. చివరికి ఆ జబ్బునే అతను వ్యాపారం చేశాడు. కంపెనీ పేరు 'చూసొస్తాం'. మీరు ఆఫీసులోనో ప్రయాణంలోనో ఉండగా గ్యాస్ కట్టేశానా, పంపు ఆపానా అని ప్రాణం పీకుతుంటే ఒక ఫోను చేయాలి. వీళ్ళ మనిషి మీ రెండో తాళంచెవితో వెళ్ళి, చూసి, ఆపాల్సింది ఆపి, టైముతో సహా ఫోటో పంపుతాడు. లోకంలో అనుమానపు మనుషులకు కొదవ లేదు కాబట్టి కంపెనీ నిలబడింది. అలా నిలబడి ఆ రోజుకు సరిగ్గా ఏడాది.

నిలబడింది అంటే ఒంటికాలి మీద నిలబడింది. ఖాతాదారులు మొత్తం ముప్పయ్యొక్క మంది. అందులో మొదటి నెలలో చేరినవాళ్ళు పందొమ్మిది మంది. వాళ్ళ ఏడాది చందా ఆ నెలాఖరుతో ముగుస్తుంది. వాళ్ళు మళ్ళీ చేరితే కంపెనీ ఉంటుంది, లేకపోతే బావమరిది టైల్స్ షాపులో మళ్ళీబాబు కోసం ఒక కుర్చీ ఏడాదిగా ఖాళీగా ఉంది. ఆ కుర్చీని బావమరిది వారానికోసారి తుడిపిస్తున్నాడని అతనికి తెలుసు.

ఉత్తరాల ఆలోచన భార్యది. ఆవిడ ఒక పెద్ద కంపెనీలో ఖాతాదారుల ఉత్తరాలకు జవాబులు రాస్తుంది, పన్నెండేళ్ళ అనుభవం. మళ్ళీబాబు మొదట రాసిన ఉత్తరంలో కృతజ్ఞత ఒక లైను, చందా గడువు మూడు లైన్లు, తగ్గింపు ధర నాలుగు లైన్లు ఉన్నాయి. ఆవిడ ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసింది.

"ఇది థాంక్యూనా, చందా నోటీసా? థాంక్స్ చెప్పేటప్పుడు ఏమీ అడక్కూడదండీ. తగ్గింపు వద్దు, 'మీ స్నేహితులకు చెప్పండి' వద్దు. చందా సంగతి వచ్చేవారం వేరే ఉత్తరంలో రాసుకోండి."

"ఏమీ అడక్కపోతే అనుమానం రాదూ?"

"మీకొస్తుంది. మామూలు మనుషులకు రాదు."

మళ్ళీబాబు తన ఖాతాదారుల జాబితా వైపు అనుమానంగా చూశాడు.

ఆవిడ చెప్పినవి ఇంకా ఉన్నాయి. పందొమ్మిది మందికీ ఒకే ఉత్తరం అచ్చు కొట్టి పంపకూడదు. ఒక్కొక్కరి గురించి, ఇంకెవరికీ రాయడానికి వీల్లేని నిజం ఒకటి ఉండాలి. అందుకోసం అతను ఏడాది రిజిస్టరు ముందేసుకుని, ఏ ఇంట్లో ఏం జరిగిందో వెతికాడు. మొదట్లో ఏవైనా పొరపాట్లు చేసి ఉంటే దాచకుండా ఒప్పుకోవాలి. గొప్పలు వద్దు. సంతకం చేత్తో చేయాలి. ఏడాది నిండిన రోజునే చేరాలి. వారం రోజులు కూర్చుని అతను పందొమ్మిది ఉత్తరాలూ చేత్తోనే రాశాడు. మొదటి ఖాతాదారు ఆడిటరుగారి ఉత్తరం ఆరుసార్లు తిరగరాశాడు. రాస్తూ ఒకచోట నిజంగానే పెన్ను పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఆఫీసు లేదు, రసీదు పుస్తకం లేదు, స్కూటరు మీద వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో ఆ మహానుభావుడు ఇంటి తాళంచెవి పెట్టాడు. పైగా ఇంకో ఆరుగురికి చెప్పి చేర్పించాడు.

ఆ పొద్దున భార్య ముందే ఆఫీసుకు వెళ్ళిపోయింది. మళ్ళీబాబు ఉత్తరాల కట్ట గుండెకు హత్తుకుని బయల్దేరాడు. ఆ హడావిడిలో జీవితంలో మొదటిసారి వీధి చివరినుంచి వెనక్కి రాలేదు.

ఆఫీసంటే స్టేషనరీ కొట్టు మీద ఒక గది. ఒక గోడకు తాళంచెవుల ఇనప బీరువా. ఒక్కో తాళంచెవి ఒక్కో కవరులో ఉంటుంది, కవరు మీద ఇంటి అంకె తప్ప చిరునామా ఉండదు. అంటించిన చోట అడ్డంగా సంతకం. వాడినప్పుడల్లా పాత కవరు చింపి, కొత్త కవరులో పెట్టి, మళ్ళీ సంతకం చేసి, రిజిస్టరులో రాయాలి. ఈ పనంతా చూసేది చెకింగుగారు. ముప్పయ్యేళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. నవ్వరు, లంచం తీసుకోరు, చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా చేస్తారు. ఆ మూడో గుణమే ఆ రోజు కొంప ముంచింది.

"చెకింగుగారూ, ఇవి చాలా ముఖ్యమైన ఉత్తరాలు. పోస్టులో వేస్తే ఎప్పుడు చేరతాయో తెలీదు. గేటుకి గుచ్చద్దు, గాలికి పోతుంది. తలుపు కిందనుంచి తొయ్యద్దు, తొక్కేస్తారు. వాచ్‌మన్‌కి ఇవ్వద్దు, మర్చిపోతాడు. పక్కింటివాళ్ళకి అసలే వద్దు, చదివేస్తారు. ఇంటివాళ్ళ కంట పడి తీరాలి. చేరినట్టు నాకు ఫోటో కావాలి."

చెకింగుగారు అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నారు. "ఇంకేమైనా వద్దులున్నాయాండీ?"

"అంతే."

ఆయన ఉత్తరాలు తీసుకున్నారు. రోజూ తీసుకెళ్ళే తాళంచెవుల సంచీ కూడా భుజాన తగిలించుకున్నారు. మళ్ళీబాబు ఆ సంచీని చూశాడు. రోజూ చూసే సంచీయే కాబట్టి ఏమీ అనుకోలేదు.

తొమ్మిదిన్నరకు మొదటి ఫోను వచ్చింది. సంగీతం మాస్టారు.

"నాయనా, ఉత్తరం చేతికిచ్చి వెళ్ళాడు మీ మనిషి. రెండుసార్లు చదివాను. నీకేం కావాలో ఇందులో ఎక్కడా కనపళ్ళేదు."

"ఏమీ అక్కర్లేదు మాస్టారూ. ఊరికే థాంక్స్ చెబుదామని."

"ఊరికేనా?" మాస్టారి గొంతు దిగిపోయింది. "కంపెనీ మూసేస్తున్నావా? పర్లేదు, నాతో చెప్పు."

అది పెట్టేసరికి ఇంకొకటి. ఆవిడ కంపెనీని ఎవరికో అమ్మేస్తున్నారని, తమ తాళంచెవులు కూడా బేరంలో పోతున్నాయని తేల్చేసింది. ఇంకొకాయన, కవరు వెనకవైపు దీపానికెదురుగా పెట్టి చూశాననీ, అక్కడ కూడా ఏమీ లేదనీ, అదే తనకు నచ్చలేదనీ చెప్పాడు. రెండు గంటల్లో తొమ్మిది ఫోన్లు. తను ఏమీ అడగడం లేదని నమ్మించడానికి అతను ఒక్కొక్కరినీ బతిమాలుకోవలసి వచ్చింది.

ఫోన్లు కాస్త ఆగాక చెకింగుగారి ఫోటోలు తెరిచాడు. మొదటిది, గుమ్మంలో నిలబడి అనుమానంగా కవరు పట్టుకున్న సంగీతం మాస్టారు. రెండోది, ఇంకో గుమ్మం. మూడోది చూసి మళ్ళీబాబు ఫోను కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాడు. గుమ్మం లేదు, మనిషి లేడు. ఒక భోజనాల బల్ల, దాని మీద ఉప్పు సీసా, సీసా కింద తన ఉత్తరం.

అది ఆడిటరుగారి భోజనాల బల్ల. ఆడిటరుగారు ఆ సమయంలో ఇంట్లో ఉండరు. ఆ ఇంటికి రెండు తాళాలు.

మళ్ళీబాబు గబగబా మిగతా ఫోటోలు తోశాడు. పళ్ళ డాక్టరమ్మ ఇంట్లో సోఫా మీద ఒకటి. ఇంకో ఇంట్లో టీవీకి ఆనించి ఒకటి. నాలుగో ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి. ఐదో ఇంట్లో పడగ్గదిలో, దిండు మీద.

"చెకింగుగారూ! మీరు ఇళ్ళలోకి వెళ్ళారా!"

"వాళ్ళు లేరండీ." ఫోనులో ఆయన గొంతు నిమ్మకు నీరెత్తినట్టుంది. "గేటు వద్దన్నారు. తలుపు కింద వద్దన్నారు. వాచ్‌మన్ వద్దన్నారు, పక్కిల్లు వద్దన్నారు. కంట పడి తీరాలన్నారు. ఇహ మిగిలింది లోపలే కదండీ."

"వాళ్ళు అడక్కుండా లోపలికి వెళ్ళకూడదని మన మొదటి రూలు కదండీ!"

"మీరు అడిగారు కదండీ."

"దిండు మీద ఎందుకు పెట్టారు?"

"ఆ ఇంటాయన తిన్నగా వచ్చి పడుకుంటారండీ. ఇంకెక్కడ పెట్టినా కంట పడదు."

మళ్ళీబాబుకి తను రాసిన వాక్యాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. భార్య చెప్పినట్టు ప్రతి ఉత్తరంలో ఆ ఇంటికే చెందిన నిజం ఒకటి ఉంది. 'మీ పడగ్గది కిటికీ గొళ్ళెం సరిగ్గా పడదని మాకు తెలుసు.' 'మీ కుక్క ఇప్పుడు మమ్మల్ని చూసి మొరగడం మానేసింది.' చేతికందితే ఎంత ఆత్మీయంగా ఉండేవి! తాళం తీసుకుని ఖాళీ ఇంట్లోకి వచ్చిన మనిషికి దిండు మీద కనపడితే ఎలా ఉంటాయో ఊహించడానికి అతనికి పెద్ద కష్టం కాలేదు. ఊహించడంలో అతను మొదటినుంచీ దిట్ట.

అప్పుడైనా ఫోను తీసి ఐదుగురికీ నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ కళ్ళముందు టైల్స్ షాపు కుర్చీ కదలాడింది.

"ఎన్ని మిగిలాయి?"

"ఒక్కటేనండీ. పెద్ద టీచరమ్మగారిది."

"అది ఇవ్వకండి. ఆడిటరుగారింటి దగ్గరికి రండి. వాళ్ళొచ్చేలోపు ఆ ఐదూ వెనక్కి తెచ్చేద్దాం."

"మళ్ళీ లోపలికి వెళితే మళ్ళీ రిజిస్టరులో రాయాలండీ," అన్నారు చెకింగుగారు.

పావుగంటలో ఇద్దరూ ఆడిటరుగారి ఇంటిముందు ఉన్నారు. చెకింగుగారు గుమ్మం దగ్గర నిలబడి టైము రాసుకుంటుంటే, మళ్ళీబాబు ఒక్క అంగలో భోజనాల బల్ల చేరి, ఉప్పు సీసా ఎత్తి, ఉత్తరం చేతిలోకి తీసుకున్నాడు. అదే సమయానికి, మర్చిపోయిన కళ్ళజోడు కోసం వచ్చిన ఆడిటరుగారు గుమ్మంలోకి వచ్చారు.

మళ్ళీబాబు ఒక చేతిలో ఉత్తరం, ఒక చేతిలో ఉప్పు సీసా.

"ఇక్కడేం చేస్తున్నారు?"

"తాళం సరిగ్గా పడిందో లేదో చూద్దామని..."

"లోపల్నుంచా?"

మళ్ళీబాబు ఉప్పు సీసా బల్ల మీద పెట్టాడు. ఆడిటరుగారు చెయ్యి చాచారు. నలభయ్యేళ్ళు ఇతరుల పుస్తకాల్లో తప్పులు వెతికిన చెయ్యి అది, దానికి కాగితం ఇవ్వకుండా ఉండటం ఎవరి తరం కాదు. ఆయన బల్ల మీది కళ్ళజోడు పెట్టుకుని ఉత్తరం పైకి చదివారు.

"'మీ పడగ్గది కిటికీ గొళ్ళెం సరిగ్గా పడదని మాకు తెలుసు... మీరు లేనప్పుడు మీ ఇంటిని మా ఇల్లులాగే చూసుకున్నాం... మీ దగ్గర మాకేమీ అక్కర్లేదు.'" ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నాకు ఇలాంటిది ఇంతకుముందు ఎవరూ రాయలేదండీ."

"అది కృతజ్ఞతండీ."

"చదివితే అలా లేదు."

"మీరు ఇంట్లో లేకపోతే... పొరపాటున లోపల పెట్టారు... అది వెనక్కి తీసుకుందామని..."

"అంటే పొద్దున్నుంచి రెండుసార్లు వచ్చారన్నమాట."

"రెండుసార్లేనండీ," అన్నారు గుమ్మంలోంచి చెకింగుగారు, "రెండూ రాశాను."

ఆడిటరుగారు తను చేర్పించిన ఆరుగురికీ ఫోను చేశారు. ఆ ఆరుగురూ తాము చేర్పించినవాళ్ళకు చేశారు. ఏడాది క్రితం ఖాతాదారులు ఒకరినుంచి ఒకరికి ఎలా పెరిగారో, సరిగ్గా అదే దారిలో వార్త పాకింది. ఉత్తరం చేతికి అందినవాళ్ళు కూడా తమ దిండ్లు ఎత్తి చూసుకున్నారు. సాయంత్రం ఐదు గంటలకు స్టేషనరీ కొట్టు మీది గదిలో పందొమ్మిది మందీ ఉన్నారు. మెట్ల మీద నిలబడ్డవాళ్ళతో కలిపి.

"మా తాళంచెవులు మాకిచ్చెయ్యండి," అన్నారు ఆడిటరుగారు.

మళ్ళీబాబు ఇనప బీరువా తెరిచాడు. పందొమ్మిది కవర్లూ తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. భార్య అప్పుడే ఆఫీసునుంచి వచ్చి, మెట్ల మీద జనాన్ని చూసి, వార్షికోత్సవానికి ఇంతమంది వచ్చారా అని సంతోషపడి, ముఖాలు చూశాక గోడవారగా నిలబడింది.

"నేను చెప్పేది ఒక్కటే," అన్నాడు మళ్ళీబాబు. "లోపలికి రావడం తప్పు. అది చెప్పకుండా ఉత్తరం ఎత్తుకొద్దామనుకోవడం ఇంకా పెద్ద తప్పు, అది నాదే. కానీ ఉత్తరంలో రాసింది నిజం. ప్రపంచంలో నా మాట నమ్మింది మీరే. నన్ను నేనే నమ్మను, నా తాళం నేనే నాలుగుసార్లు చూసుకుంటాను. అలాంటి నాకు మీరు తాళంచెవులిచ్చారు. ఏడాదిగా అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు." అని కవర్లు వాళ్ళవైపు జరిపాడు.

ఆడిటరుగారు తన కవరు ఎత్తి సీలు పరీక్షించారు. "రిజిస్టరు చూపించండి," అన్నారు. చెకింగుగారు భక్తిగా తెచ్చి ముందు పెట్టారు. ఆయన ఆ రోజు పేజీ పైకి చదవడం మొదలుపెట్టారు.

"'ఒకటో నంబరు ఇల్లు. పది నలభైకి లోపలికి. పని, ఉత్తరం. వంటగది చూశాను, గ్యాస్ ఆపి ఉంది. పది నలభై నాలుగుకి బయటికి.' ఊఁ. ఇది నాది. మీ ఇంటి నంబరెంత డాక్టరమ్మా?"

"పద్నాలుగు," అంది పళ్ళ డాక్టరమ్మ కోపంగా. ఆవిడ కవరు అప్పటికే చింపి తాళంచెవి పిడికిట్లో పెట్టుకుంది.

"'పద్నాలుగో నంబరు. పదకొండు అయిదుకి లోపలికి. పని, ఉత్తరం. స్నానాల గదిలో గీజరు ఆన్‌లో ఉంది. ఆపాను. ఫోటో ఉంది.'"

"అబద్ధం! నేను ఆపే వెళ్ళాను."

చెకింగుగారు ఫోను ముందుకు చాపారు. గీజరు, దాని ఎర్రలైటు, కింద టైము. రెండో ఫోటోలో లైటు లేదు.

డాక్టరమ్మ ఆ ఫోటో చాలాసేపు చూసింది. "పొద్దున్నే ఆపాననే అనుకున్నానే," అంది ఎవరితోనో. కుర్చీలో కూర్చుంది. తర్వాత నెమ్మదిగా తలెత్తింది. "మరి ఇప్పుడు కంగారుగా వచ్చేశాను కదా... సాయంత్రం టీ పెట్టుకున్నాను... స్టవ్..."

పందొమ్మిది మందీ ఆ రోజు ఒళ్ళు మండిపోతూ బయల్దేరినవాళ్ళే. ఒళ్ళు మండుతున్నప్పుడు తాళం ఎవరికి గుర్తుంటుంది?

"మోటారు వేసి వచ్చాను నేను," అన్నారు సంగీతం మాస్టారు మెల్లిగా. "ఆపానా?"

"మన బాల్కనీ తలుపు వేశావా?" అని ఒకాయన భార్యనడిగాడు. "మీరు వేస్తారనుకున్నాను," అందావిడ.

ఆడిటరుగారు జేబులు తడుముకున్నారు. ఇంటి తాళంచెవి దొరికింది గానీ, తాళం వేసిన గుర్తు మాత్రం దొరకలేదు. కాసేపు రిజిస్టరు అట్ట నిమిరారు. తర్వాత తన కవరు బల్ల మీద పెట్టి, చెకింగుగారి వైపు జరిపారు.

"పడగ్గది కిటికీ ఒకసారి చూసి రండి," అన్నారు. "ఈసారి నేను అడుగుతున్నాను. అలా రాసుకోండి."

ఆ తర్వాత కవర్లు తిరిగి బల్ల మీద పడటానికి అయిదు నిమిషాలు పట్టలేదు. నా ఇల్లు ముందు, నా ఇల్లు ముందు అని తోసుకున్నారు. డాక్టరమ్మ పిడికిట్లోంచి తాళంచెవి ఇస్తూ, వచ్చే ఏడాది చందా కాగితం ఎక్కడ సంతకం పెట్టాలని అడిగింది. మళ్ళీబాబు భార్యవైపు చూశాడు. ఆవిడ, 'వచ్చేవారం' అన్నట్టు తలూపబోయి, జనాన్ని చూసి, కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది.

గది ఖాళీ అయ్యాక పెద్ద టీచరమ్మ ఒక్కావిడే మిగిలింది. ముప్పయ్యేళ్ళు పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి, అదే చూపు ఇంకా ఉంది.

"అందరికీ ఉత్తరాలు వచ్చాయట. నాకు రాలేదు. నేనేం తప్పు చేశాను?"

మళ్ళీబాబు కంగారుగా చెకింగుగారి సంచీలోంచి పందొమ్మిదో ఉత్తరం తీసి రెండు చేతులా అందించాడు. ఆవిడ తీసుకోలేదు.

"చేతికి వద్దు. ఇంట్లో పెట్టించు. నేను వెళ్ళేసరికి బల్ల మీద ఉండాలి. ఆ అయిదుగురికీ అలాగే పెట్టారుగా." ఆవిడ గుమ్మం వైపు తిరిగింది. "తాళం తీసుకుని లోపలికెళితే మన కోసం ఎవరో ఏదో పెట్టి ఉంచడం, అది ఎప్పుడో జరిగిన సంగతి. ఫోటో కూడా తియ్యమను."

చెకింగుగారు రాసుకున్నారు. ఆవిడ వెళ్ళిపోయాక మళ్ళీబాబు కుర్చీలో కూలబడ్డాడు. భార్య కాఫీ కలిపి చేతికిచ్చింది. మొదటి గుక్క వేశాడు. అనుమానం రాలేదు. రెండో గుక్క వేశాడు. అప్పుడు ఇంటి పక్కావిడ దగ్గర్నుంచి భార్యకు ఫోను వచ్చింది.

వాళ్ళ ఇల్లు పొద్దున్నుంచీ బార్లా తెరిచే ఉందట. సాయంత్రం దాకా లోపలికి వెళ్ళి బల్ల మీద ఏదైనా పెట్టినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరట.